జపాన్ ఫోన్ వాలెట్ చదవడం – 4వ పాఠం: సుయికా బ్యాలెన్స్, టాప్-అప్, డిపాజిట్

పోయిన పాఠంలో స్టేషన్ గేటు దగ్గర కనబడే మాటలు చూశాం. ఇప్పుడు ఐఫోన్ వాలెట్‌లో ఉన్న సుయికా కార్డు తెరుద్దాం. రైళ్లలో, దుకాణాల్లో చెల్లించడానికి ముందే డబ్బు వేసి పెట్టుకునే కార్డు ఇది. ఫోన్ భాష జపనీస్‌లోనే ఉంచండి. తెర మీద మనకు ముందుగా కావలసినవి ఈ రెండే:

```
残高  ¥1,340
チャージ
```

残高ని 'జన్‌దక' అని చదువుతారు. బ్యాలెన్స్ అని అర్థం. కొన్ని తెరల మీద 残額 (జన్‌గకు) అని ఉంటుంది, అర్థం అదే. మొదటి అక్షరం 残 అంటే మిగిలినది. అది కనబడితే పక్కన ఉన్న అంకె మీ డబ్బే. కింద ఉన్న チャージ (చాజి) టాప్-అప్ బటన్. నొక్కితే ఎంత వేయాలో అడుగుతుంది, ఆ తర్వాత వాలెట్‌లోని బ్యాంకు కార్డు నుంచి డబ్బు పడుతుంది. బ్యాంకు కార్డు పని చేయకపోతే కన్వీనియన్స్ స్టోర్ కౌంటర్‌లో "చాజి, ఒనెగాయ్‌షిమాస్" అని చెప్పి నోటు ఇస్తే చాలు. ఫోన్‌ను రీడర్ మీద పెట్టమంటారు.

టాప్-అప్ అవ్వకపోతే టెన్షన్ పడకముందు రెండు విషయాలు చూసుకోండి. కార్డులో 20,000 యెన్‌లకు మించి పట్టదు. 18,500 ఉండగా 2,000 వేయబోతే తీసుకోదు. రెండోది, రాత్రి 2 నుంచి 4 గంటల దాకా మొబైల్ సుయికా టాప్-అప్ సేవ ఆగి ఉంటుంది.

ఇక ఈ పాఠంలో అసలు విషయం, డబ్బు వెనక్కి తీసుకోవడం. దీన్ని 払戻し (హరాయిమొదొషి) అంటారు. 払い戻し, 払いもどし అని కూడా రాస్తారు. ఇక్కడ ఒక చిక్కుంది. 払 ఒక్కటే చూసి నొక్కకూడదు, ఎందుకంటే 支払い (షిహరాయి) అంటే చెల్లింపు. దాని తర్వాత 戻 లేదా もどし ఉంటేనే డబ్బు మీ వైపు వస్తుంది. అలాగే వాలెట్‌లో కనిపించే 削除 (సకుజో) అంటే కార్డును ఫోన్ నుంచి తీసేయడం మాత్రమే. కార్డు వివరాలు సర్వర్‌లో ఉంటాయి, తిరిగి ఫోన్‌లో చేర్చుకోవచ్చు. కానీ డబ్బు మాత్రం చేతికి రాదు. దేశం వదిలి వచ్చేటప్పుడు చాలామంది ఇక్కడే పొరబడతారు. రీఫండ్ అడగాల్సింది సుయికా యాప్‌లో.

డిపాజిట్ సంగతి చూద్దాం. ప్లాస్టిక్ సుయికా కొన్నప్పుడు 500 యెన్‌లు 預り金 (అజుకరికిన్) కింద కట్టించుకుంటారు. డిపాజిట్ అన్నమాట, డెపొజిత్తో అని కూడా అంటారు. ఫోన్‌లోనే కొత్తగా తీసిన సుయికాకి ఈ డిపాజిట్ లేదు. ప్లాస్టిక్ కార్డును ఐఫోన్‌లోకి మార్చుకుంటే ఆ 500 మీ బ్యాలెన్స్‌లో కలిసిపోతుంది, ప్లాస్టిక్ కార్డు ఇక పనిచేయదు. కాబట్టి తెర మీద డిపాజిట్ అని వేరే వరుస కోసం వెతకకండి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ప్లాస్టిక్ కార్డులో 1,340 యెన్‌లు ఉన్నాయి. ఫోన్‌లోకి మార్చగానే 1,840 అవుతుంది. రీఫండ్ అడిగితే తెర మీద లెక్క ఇంచుమించు ఇలా ఉంటుంది:

```
残額    1,840円
手数料    220円
払戻額  1,620円
```

手数料 (తెసూర్యో) అంటే రుసుము. 払戻額 అంటే మీకు తిరిగి వచ్చే మొత్తం. అదే కార్డును మార్చకుండా, సుయికా ఇచ్చే రైల్వే సంస్థ జేఆర్ ఈస్ట్ స్టేషన్ కౌంటర్‌లో ఇచ్చినా 1,340 లోంచి 220 పోయి, 500 కలిసి 1,620 వస్తుంది. రెండూ సమానమే. తేడా బ్యాలెన్స్ తక్కువైనప్పుడు తెలుస్తుంది. ప్లాస్టిక్ కార్డులో 150 మాత్రమే ఉంటే కౌంటర్‌లో ఆ 150 రుసుము కిందికి పోయి, 500 పూర్తిగా చేతికి వస్తుంది. అదే కార్డును ముందు ఫోన్‌లోకి మారిస్తే 650 అవుతుంది, రుసుము పోగా 430 మాత్రమే మిగులుతుంది. అందుకే ఇంకా ప్లాస్టిక్ కార్డే ఉన్నవాళ్లకు నా సలహా ఒకటే: బ్యాలెన్స్ అంతా వాడేసి, సున్నా కార్డును కౌంటర్‌లో ఇచ్చేయండి.

ఫోన్ సుయికా రీఫండ్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. డబ్బు జపాన్ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఉద్యోగం ముగించుకుని హైదరాబాదో విజయవాడో వచ్చేస్తున్నవాళ్లు ఖాతా మూసేయక ముందే ఈ పని పూర్తి చేయాలి. బ్యాలెన్స్ 220 లోపు ఉంటే రీఫండ్ అడిగి లాభం లేదు, ఏమీ రాదు. అలాంటప్పుడు కన్వీనియన్స్ స్టోర్‌లో ఏదైనా కొని, సుయికాలో ఉన్నంత వాడి, మిగతాది నగదుగా ఇవ్వవచ్చు. చాలా దుకాణాలు ఒప్పుకుంటాయి.

పర్యాటకుల కోసం ఇచ్చే వెల్‌కమ్ సుయికాకి డిపాజిట్ లేదు, రీఫండూ లేదు. అందులో కొద్దికొద్దిగానే వేసుకోండి.

అభ్యాసం: ఫోన్‌లో 残高 ¥720 ఉంది. 払戻額 ఎంత చూపించాలి? జవాబుతో, నెలవారీ పాస్ తెరతో 5వ పాఠం మొదలుపెడదాం.