చందా చెల్లింపుల పాఠాలు – 3: కార్డు నంబరుకు బదులు వ్యాపారి దగ్గర ఉండేదేమిటి

గత భాగంలో ఖాతాదారు ఈ-మాండేట్‌ను, అంటే తన కార్డు నుంచి చందా డబ్బు ప్రతిసారీ తీసుకోవడానికి ముందే ఇచ్చే అనుమతిని, ఎలా నమోదు చేసుకుంటాడో, మొదటి చెల్లింపుకు ఓటీపీ ఎందుకు తప్పనిసరో చూశాం. నమోదు పూర్తయ్యాక నెలనెలా డబ్బు తీసుకోవడానికి వ్యాపారి తన కంప్యూటర్‌లో ఏం దాచుకుంటాడన్నది ఈ భాగంలోని విషయం. కార్డు నంబరు మాత్రం కాదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 అక్టోబరు 1 నుంచి, కార్డు జారీ చేసిన బ్యాంకూ, వీసా, రూపే లాంటి కార్డు నెట్‌వర్కూ తప్ప ఈ చెల్లింపు గొలుసులో ఇంకెవరూ కార్డు వివరాలను దాచుకోకూడదు. వ్యాపారికీ, అతని తరఫున ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే పేమెంట్ గేట్‌వేకీ కూడా ఇది వర్తిస్తుంది. లెక్కలు సరిపోల్చుకోవడానికీ, లావాదేవీని గుర్తుపట్టడానికీ వీలుగా అసలు కార్డులోని చివరి నాలుగు అంకెలనూ, జారీ చేసిన బ్యాంకు పేరునూ మాత్రం ఉంచుకోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఆన్‌లైన్ సంగీత పాఠాలు చెప్పే చిన్న సంస్థ నెలకు 499 రూపాయల చందా వసూలు చేస్తోంది. ఒక విద్యార్థిని 4821తో ముగిసే కార్డుతో చేరి, కార్డును భద్రపరచడానికి సమ్మతి తెలిపి, ఓటీపీ ఇచ్చింది. అప్పుడు గేట్‌వే ఆ కార్డు వివరాలను నెట్‌వర్క్‌కు పంపి టోకెన్, అంటే కార్డు నంబరుకు బదులుగా వాడే మరో సంఖ్య, కోరుతుంది, బ్యాంకు అంగీకరించాక నెట్‌వర్క్ ఆ టోకెన్‌ను జారీ చేస్తుంది. ఇదంతా ముగిశాక సంస్థ డేటాబేస్‌లో ఆ విద్యార్థిని పేర మిగిలేది సుమారుగా ఇలా ఉంటుంది:

```
customer_id    : C-1042
token_id       : token_Kx83Qd
token_status   : active
last4          : 4821
mandate_id     : mdt_7Rf2
max_amount     : 600
frequency      : monthly
mandate_status : active
```

బ్యాంకు పేరు కూడా ఉండవచ్చు, స్థలం కోసం దాన్ని ఇక్కడ వదిలేశాను. వీటిలో `token_id`ని నిదానంగా చూడాలి, ఎందుకంటే చాలామంది దీన్నే నెట్‌వర్క్ ఇచ్చిన టోకెన్ అనుకుంటారు. నెట్‌వర్క్ ఇచ్చే టోకెన్ సాధారణంగా అచ్చం కార్డు నంబరులాగే పదహారు అంకెలతో ఉంటుంది, కార్డు నంబరు సరిగా రాశారో లేదో తేల్చడానికి వాడే చెక్ అంకె పరీక్షలో కూడా నెగ్గుతుంది. చిన్న వ్యాపారులకు అది సాధారణంగా చేరదు. గేట్‌వే దాన్ని తన దగ్గర ఉంచుకుని, దానికి గుర్తుగా తన సొంత ఐడీ ఒకటి వ్యాపారికి ఇస్తుంది, పై పట్టికలో ఉన్నది అదే. కాబట్టి కార్డు నంబరుకూ వ్యాపారికీ మధ్య రెండు అంచెలు ఉన్నట్టు: వ్యాపారి చేతిలోని ఐడీని గేట్‌వే టోకెన్‌గా మారుస్తుంది, ఆ టోకెన్‌ను నెట్‌వర్క్ అసలు నంబరుగా మార్చి బ్యాంకుకు పంపుతుంది.

రెండు అంచెల వల్ల ఒక చిక్కు కూడా ఉంది, ఒప్పందం మీద సంతకం చేసే ముందే దాని గురించి అడగడం మంచిది. గేట్‌వే ఇచ్చిన ఐడీ మరో గేట్‌వే దగ్గర పనికిరాదు. రేపు సంస్థ గేట్‌వేను మార్చుకోవాలంటే పాత చందాదారుల టోకెన్లు వెంట వస్తాయా, రావా అన్నది ఆ టోకెన్లను ఎవరి పేరున కోరారన్న దాన్ని బట్టి ఉంటుంది. రాకపోతే ప్రతి చందాదారుతోనూ మళ్లీ కార్డు నమోదు చేయించాలి, ఆ దశలో కొందరు చందా వదిలేసుకుంటారు.

ఇక దొంగతనం మాట. ఈ పట్టిక మొత్తం బయటికి పొక్కినా దొంగకు దక్కేది తక్కువే, ఎందుకంటే టోకెన్ అనేది ఒక కార్డు, టోకెన్ కోరిన సంస్థ, ఒక వ్యాపారి అనే ఈ కలయికకే చెల్లుతుంది. అదే విద్యార్థిని అదే కార్డును మరో దుకాణంలో భద్రపరిస్తే అక్కడ పుట్టేది వేరే టోకెన్. పైగా ఖాతాదారు స్వయంగా చేసే చెల్లింపులో టోకెన్‌తో పాటు ఆ ఒక్క లావాదేవీకే పనికొచ్చే క్రిప్టోగ్రామ్ వెళుతుంది, దాన్ని దాచుకున్నా మరోసారి చెల్లదు. సీవీవీని మాత్రం ఏ రూపంలోనూ దాచకూడదు. టోకెన్ల కాలానికి ముందు నుంచే ఉన్న నియమం అది.

ఇప్పుడు ఆ రెండు స్థితుల సంగతి. పట్టికలో `token_status`, `mandate_status` విడివిడిగా ఉన్నాయి, అలాగే ఉండాలి. టోకెన్ కార్డును గుర్తిస్తుంది, మాండేట్ ఎంత మొత్తం, ఎప్పుడెప్పుడు తీసుకోవచ్చో చెబుతుంది. ఒకటి బతికి ఉండగా మరొకటి పోవచ్చు. విద్యార్థిని బ్యాంకు యాప్‌లో చందాను ఆపేస్తే మాండేట్ పోతుంది, కానీ కార్డు ఆ సంస్థ దగ్గర భద్రంగానే ఉంటుంది, ఆమె తానుగా ఓటీపీ ఇచ్చి ఒక పాఠం కొనుక్కోవచ్చు. అలా కాకుండా భద్రపరిచిన కార్డునే తొలగిస్తే టోకెన్ పోతుంది, మాండేట్ నమోదు కాగితం మీద ఉన్నా డబ్బు తీసుకునే దారి ఉండదు. రెంటినీ కలిపి ఒకే గడిలో రాసుకున్న సంస్థల్లో, వసూలు విఫలమైనప్పుడు కారణం తెలియక సహాయక సిబ్బంది ఖాతాదారును అనవసరంగా మళ్లీ కార్డు నమోదు చేయమంటుంటారు.

ఐదో నెలలో సంస్థ చందాను 649కి పెంచిందనుకోండి. టోకెన్‌కు ఏమీ కాలేదు, కార్డులో డబ్బూ ఉంది, అయినా వసూలు తిరస్కరణకు గురవుతుంది, ఎందుకంటే మాండేట్‌లో ఆమె ఒప్పుకున్న గరిష్ఠ మొత్తం 600. మళ్లీ మళ్లీ ప్రయత్నించినా ఫలితం ఉండదు. ఆమె ఓటీపీతో మాండేట్‌ను సవరించాలి. ఓటీపీ లేకుండా తీసుకోగల మొత్తానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పరిమితి (2022 జూన్‌లో 15,000 రూపాయలకు పెంచారు) వేరు, ఖాతాదారు పెట్టుకున్న గరిష్ఠం వేరు. వసూలు ఈ రెంటికీ లోబడి ఉండాలి. ప్రతి వసూలుకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు ఆమెకు సమాచారం పంపుతుంది, అందులోనే ఆపేసుకునే వీలు కూడా ఉంటుంది. కాబట్టి చందా తీసుకునే రోజు నెలలో ఒకటో తేదీ అయితే, సంస్థ వసూలు కోరికను ఒకటో తేదీ ఉదయం పంపితే ఆలస్యమైనట్టే.

ఎనిమిదో నెలలో కార్డు పోయింది, బ్యాంకు 7730తో ముగిసే కొత్త కార్డు ఇచ్చింది. పాత వ్యాపారులతో కొత్త కార్డును ముడిపెట్టడానికి బ్యాంకు ఆమె స్పష్టమైన సమ్మతి తీసుకోవాలని నిబంధన చెబుతోంది. దానంతటదే మారుతుందని అనుకోకూడదు. ఆమె ఒప్పుకుని బ్యాంకు ముడిపెడితే గేట్‌వే నుంచి వెబ్‌హుక్, అంటే మార్పు జరిగిందని సంస్థ కంప్యూటర్‌కు దానంతటదే వచ్చే సందేశం, వస్తుంది, దాన్ని వినే ఏర్పాటు లేని సంస్థ పట్టికలో `last4` ఇంకా 4821గానే మిగిలిపోతుంది. వసూలు జరుగుతుంది గానీ ఆమె స్టేట్‌మెంట్‌తో రశీదులోని అంకెలు సరిపోలవు, దాంతో ‘నా కార్డు కాదు’ అంటూ ఫిర్యాదు వస్తుంది. ఇలాంటి ఫిర్యాదులు వరసగా వస్తుంటే ముందు వెబ్‌హుక్ లాగ్ చూడాలి.

అభ్యాసం: మీ సంస్థ పట్టికలోనే కాక లాగ్ ఫైళ్లలో, పాత ఎక్సెల్ షీట్లలో, ఖాతాదారులు పంపిన ఈమెయిళ్లలో కూడా 13 నుంచి 19 అంకెల వరసల కోసం వెతకండి. దొరికిన ప్రతిదీ కార్డు నంబరు కాకపోవచ్చు, నెట్‌వర్క్ టోకెన్ కూడా చెక్ అంకె పరీక్షలో నెగ్గుతుందని పైన చూశాం. టోకెన్లకు మొదటి అంకెల శ్రేణులు వేరుగా కేటాయించి ఉంటాయి కాబట్టి, గేట్‌వే ఇచ్చిన జాబితాతో పోల్చి తేల్చుకోండి. అసలు నంబరే అని తేలితే చెరిపేయండి, బ్యాకప్‌లతో సహా. వసూలు విఫలమైనప్పుడు వచ్చే తిరస్కరణ కోడ్‌లను చదవడం వచ్చే భాగంలో.