వారానికి నాలుగు రోజుల పని: డ్యూటీ చార్టులో ఖాళీ పడకుండా గంటలు సర్దడం ఎలా?

టీమ్‌కి నాలుగు రోజుల వారం పెట్టాలనుకుంటే మొదట తేల్చుకోవాల్సింది ఒకటుంది. పని గంటలు తగ్గిస్తున్నారా, లేక ఉన్న 40 గంటల్నే నాలుగు రోజుల్లోకి సర్దుతున్నారా? బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. చార్టు వేసేవాళ్లకి మాత్రం అవి రెండు వేరు వేరు లెక్కలు.

గంటలు తగ్గిస్తే ఆ లోటు ఎక్కడి నుంచో పూడాలి. పది మంది వారానికి 40 గంటలు చేస్తే 400 గంటలు, 32 చేస్తే 320. తేడా 80 గంటలు, అంటే కొత్త పద్ధతిలో పనిచేసే రెండున్నర మంది పని. బ్రిటన్‌లో 2022లో జరిగిన ట్రయల్‌లో 61 సంస్థలు జీతం తగ్గించకుండా గంటలు తగ్గించాయి. మీటింగులు, రిపోర్టులు ఎక్కువగా ఉండే ఆఫీసులో ఆ గంటలు కొంతవరకు దొరుకుతాయి. ఎవరో ఒకరు ఎప్పుడూ సీట్లో ఉండాల్సిన చోట అంత తేలిగ్గా దొరకవు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 2015లో రోజుకి ఆరు గంటల పని మొదలుపెట్టినప్పుడు, ఖాళీలు పూడ్చడానికి అదనంగా మనుషుల్ని తీసుకోక తప్పలేదు.

ఇక్కడ రెండో పద్ధతి చూద్దాం: గంటలు అవే, రోజులు నాలుగు, రోజుకి పది గంటలు. ఉదాహరణగా కస్టమర్ల ఫోన్లు తీసుకునే పది మంది టీమ్‌ని తీసుకుందాం. డెస్క్ సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 దాకా తెరిచి ఉంటుంది. ఇప్పుడు ఐదుగురు 8 నుంచి 5 వరకు, ఐదుగురు 10 నుంచి 7 వరకు పనిచేస్తున్నారు, మధ్యలో గంట లంచ్.

గంటలు ఎక్కడికి జరుగుతాయో ముందు చూడండి

పాత చార్టులో ఉదయం 8 నుంచి 10 వరకు ఐదుగురే ఉంటారు. 10 నుంచి 5 వరకు పది మందీ ఉంటారు, సాయంత్రం మళ్లీ ఐదుగురే. కొత్త పద్ధతిలో రోజుకి సగటున ఎనిమిది మంది వస్తారు, కానీ 8 నుంచి 7 దాకా అందరూ ఉంటారు. రోజుకి పాత లెక్క పది మందికి ఎనిమిదేసి గంటలు, కొత్త లెక్క ఎనిమిది మందికి పదేసి గంటలు. రెండూ 80 గంటలే. అయితే రద్దీ వేళ ఇద్దరు తగ్గి, ఉదయం సాయంత్రం ముగ్గురేసి పెరిగారు.

దీన్ని గమనించకుండా "మొత్తం గంటలు సమానమే కదా" అని చార్టు వేసేస్తే మొదటి వారంలోనే పదకొండు గంటల వేళ ఫోన్లు క్యూలో నిలబడిపోతాయి. పొద్దున, సాయంత్రం కూడా పని బాగా ఉండే చోట ఈ పద్ధతి చక్కగా నప్పుతుంది. పనంతా నాలుగైదు గంటల్లోనే విరుచుకుపడే చోట, డెస్క్ రోజుకి ఎనిమిది గంటలే తెరిచి ఉండే చోట నా సలహా అయితే వద్దనే.

రోజుకి ఎంతమంది కావాలో అరగంట లెక్కన తేల్చండి

గత నాలుగు వారాల కాల్స్‌ని అరగంట చొప్పున విడగొట్టండి. మన టీమ్‌లో సోమవారం అన్నిటికన్నా రద్దీగా ఉండే 11 నుంచి 11:30 మధ్య సుమారు 36 కాల్స్ వస్తున్నాయనుకుందాం. ఒక్కో కాల్‌కి, తర్వాత వివరాలు ఎక్కించడానికి కలిపి ఆరు నిమిషాలు. మొత్తం 216 నిమిషాల పని, దాన్ని 30తో భాగిస్తే 7.2 మంది. కానీ కాల్స్ వరసగా ఒకదాని తర్వాత ఒకటి రావు, ఒక్కసారే నాలుగు మోగుతాయి. అందుకని మనిషి సమయంలో 80 శాతమే కాల్స్ మీద ఉంటుందని లెక్కేసుకోవాలి. 7.2ని 0.8తో భాగిస్తే 9. సోమవారానికి తొమ్మిది మంది కావాలన్నమాట. ఆ మిగిలిన 20 శాతంలోనే టీ తాగడం, కాసేపు లేచి తిరగడం కూడా ఉంటాయి. దాన్ని వృథా అనుకుని కోసేయకండి, పది గంటల రోజులో అది మరీ అవసరం.

బుధవారం అదే వేళకి 24 కాల్సే వస్తే ఇదే లెక్కన ఆరుగురు చాలు. ఇలా ఐదు రోజులకీ తేల్చాక ప్రతి రోజుకీ ఒకరిని కలపండి. ఈ ఒక్కరు ఎందుకంటే, నాలుగు రోజుల వారంలో మనిషి ఏడాదికి సుమారు 208 రోజులు డ్యూటీలో ఉంటాడు. అందులో సెలవులకి 16, ఒంట్లో బాగోక 6 పోతాయనుకుంటే పదింట ఒక వంతు రోజులు అతను రాడు. ఎనిమిది మంది ఉండాల్సిన రోజున ఒకరు రాకపోవడం అనుకోని సంగతి కాదు, మామూలు సంగతి.

| రోజు | కావాల్సినవారు | డ్యూటీలో | వీక్లీ ఆఫ్ |
|---|---|---|---|
| సోమ | 9 | 10 | 0 |
| మంగళ | 7 | 8 | 2 |
| బుధ | 6 | 7 | 3 |
| గురు | 6 | 7 | 3 |
| శుక్ర | 7 | 8 | 2 |
| మొత్తం | 35 | 40 | 10 |

అసలు పరీక్ష ఆఖరి వరసలో ఉంది. డ్యూటీలో ఉండాల్సినవారి మొత్తం, మనుషుల సంఖ్యని నాలుగుతో గుణిస్తే వచ్చేదానికి మించకూడదు. ఇక్కడ పది నాలుగులు నలభై, సరిగ్గా సరిపోయింది. 43 వచ్చి ఉంటే ఏ చార్టు వేసినా ఎక్కడో ఒకచోట చిరుగుతుంది. అప్పుడు రెండు వారాల 80 గంటల్ని తొమ్మిది రోజుల్లో చేసే పద్ధతి చూడండి: ఎనిమిది రోజులు తొమ్మిదేసి గంటలు, ఒక రోజు ఎనిమిది గంటలు, రెండు వారాలకోసారి అదనపు సెలవు. అందులో పది మందికి వారానికి సగటున 45 డ్యూటీలు దొరుకుతాయి.

ఒక మాట మర్చిపోవద్దు. చాలా చోట్ల రోజుకి ఇన్ని గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలని చట్టం ఉంటుంది. చార్టు ఖాయం చేసేముందే మీ దగ్గర ఆ పరిమితి ఎంతో కనుక్కోండి.

ఆఫ్ రోజుని అందరికీ ఒకటే పెట్టకండి

అమెరికాలోని యూటా రాష్ట్ర ప్రభుత్వం 2008లో వేలమంది ఉద్యోగుల్ని సోమవారం నుంచి గురువారం వరకు పదేసి గంటల పద్ధతిలోకి మార్చి, శుక్రవారం ఆఫీసులు మూసేసింది. 2011లో ఆ పద్ధతి ఆగిపోయింది. శుక్రవారం పని మీద వచ్చేవాళ్లకి తలుపులు మూసి ఉండటం గురించి ఫిర్యాదులు వచ్చాయి, కరెంటు ఖర్చులో ఆదా కూడా ఆశించినంత రాలేదు. భవనం మూస్తే ఖర్చు కలిసొస్తుందనే ఆలోచన అర్థమయ్యేదే. కానీ జనం పనులు ఐదో రోజున ఆగవు.

మన టీమ్‌లో సోమవారం ఎవరికీ ఆఫ్ లేదు, మిగతా పది ఆఫ్‌లు నాలుగు రోజుల్లో పంచాం. ఎవరికి ఏ రోజు అనేది నచ్చిన రోజుని బట్టి కాదు, తెలిసిన పనిని బట్టి మొదలుపెట్టాలి. బిల్లు వివాదాలు పరిష్కరించడం ముగ్గురికే వచ్చనుకుందాం. వాళ్లకి మంగళ, బుధ, గురువారాల్లో ఒక్కొక్కరికి ఒక్కో రోజు ఇవ్వండి. ఏ రోజు చూసినా ఇద్దరుంటారు, ఒకరు సెలవు పెట్టినా ఇంకొకరు మిగులుతారు. ఒక పని ఒక్కరికే వచ్చయితే చార్టు కన్నా ముందు ఇంకొకరికి ఆ పని నేర్పించండి.

శుక్రవారం ఆఫ్ అందరికీ కావాలి, ఉన్నవి రెండే. సీనియర్లకి శాశ్వతంగా ఇచ్చేస్తే టీమ్‌లో మనస్పర్థలు తప్పవు. మూడు నెలలకోసారి రోజులు మార్చండి, కానీ ఆ బిల్లుల ముగ్గురి ఆఫ్‌లు ఒకే రోజున పడకుండా చూసుకోండి. మధ్యలో ఇద్దరు పరస్పరం మార్చుకోవాలనుకుంటే, ఒకే పని వచ్చినవాళ్ల మధ్యే అనుమతించండి.

లంచ్, సెలవులు, చేతిలో ఉన్న పని

చార్టు కాగితం మీద కుదిరినా మధ్యాహ్నం తేడా కొడుతుంది. బుధవారం ఏడుగురుంటే లంచ్‌ని 12, 1, 2 గంటలకి ముగ్గురు, ఇద్దరు, ఇద్దరుగా విడదీయండి. ఫోన్ల దగ్గర ఎప్పుడూ కనీసం నలుగురుంటారు. ఒకరు సెలవు పెడితే ఇద్దరేసి వెళ్తారు, అప్పుడూ నలుగురే. 2 గంటలకి వెళ్లేవారికి ఉదయం నుంచి ఆరు గంటలు గడిచిపోతాయి కాబట్టి ఆ వంతు వారం వారం మార్చాలి.

సెలవుల్ని రోజుల్లో కాకుండా గంటల్లో రాయడం మొదలుపెట్టండి. పాత 20 రోజుల సెలవు అంటే 160 గంటలు. కొత్త పద్ధతిలో ఒక రోజు సెలవుకి పది గంటలు పోతాయి కాబట్టి అవి 16 రోజులు. పనికి రాకుండా ఉండే వారాలు పాతవే, నాలుగే. దీన్ని ముందే అందరినీ కూర్చోబెట్టి చెప్పకపోతే నాలుగు రోజుల సెలవు కోసేశారనే అనుకుంటారు.

పండగ సెలవు బుధవారం వస్తే ఇంకో చిక్కు. ఆరోజు ఎలాగూ ఆఫ్ ఉన్న ముగ్గురికి ఏం దక్కినట్టు? దీనికి నాకు సరైనదిగా తోచే దారి ఒకటే. పండగ వచ్చిన వారంలో అందరూ పాత ఎనిమిది గంటల షిఫ్టులకి వెళ్లాలి, ఆ వారం విడిగా ఆఫ్‌లు ఉండవు. నాలుగు రోజులకి 32 గంటలు, పండగకి 8, మొత్తం 40. మిగిలిన నాలుగు రోజులూ పది మందీ ఉంటారు, ఎవరికీ అన్యాయం జరగదు.

ఇక ఒకరు మొదలుపెట్టి ఆపిన కేసులు. ప్రతి ఒక్కరికీ వేరే రోజు ఆఫ్ ఉన్న జత ఒకరుండాలి. ఆఫ్‌కి ముందు రోజు చివరి పావుగంట కొత్త కాల్స్ ఆపి, పెండింగ్ కేసుల్లో కస్టమర్‌కి ఏం మాటిచ్చారో, ఎప్పటిలోగా చేయాలో రాసి జతకి అప్పగించాలి. ఆఫ్‌లో ఉన్నవారికి ఫోన్ చేసి అడగడం అలవాటైతే అది ఆఫ్ కాదు. ఒకే రోజు ఇద్దరు రాకపోయినా ఆఫ్‌లో ఉన్నవారిని పిలవకండి. టీమ్ లీడర్ ఫోన్ తీసుకోవాలి, ఈమెయిల్ జవాబులు మర్నాటికి జరగాలి.

ట్రయల్‌లో సగటు చూసి మోసపోకండి

పన్నెండు వారాలు నడిపి చూడండి. కస్టమర్ ఎంతసేపు ఆగుతున్నాడో రోజు సగటు తీస్తే అంతా బాగున్నట్టే కనిపించవచ్చు. ఉదయం తొమ్మిదికి, సాయంత్రం ఆరుకి వేచి ఉండటం తగ్గి, పదకొండుకి పెరిగినదాన్ని కప్పేస్తుంది. అందుకే చార్టు వేసినప్పటిలాగే అరగంట చొప్పున చూడాలి. తప్పుగా ఎక్కించిన వివరాల్ని కూడా గంటల వారీగా లెక్కపెట్టండి. సాయంత్రం 5 తర్వాత తప్పులు స్పష్టంగా పెరిగితే అది అలసట. ఆ వేళకి కష్టమైన కేసులు పెట్టకుండా, తేలిక పని ఇచ్చి చూడండి. కేసు చూస్తున్నవారు ఆఫ్‌లో ఉన్నందువల్ల ఆగిన కేసులు ఎన్నో విడిగా రాయండి, జత పద్ధతి పనిచేస్తోందో లేదో అదే చెబుతుంది.

ఒకే రోజు, ఒకే వేళ కస్టమర్లు ఆగే సమయం వరసగా మూడు వారాలు మీరు పెట్టుకున్న పరిమితి దాటితే ఆ రోజు ఆఫ్ ఒకటి తీసి వేరే రోజుకి జరపండి. జరపడానికి ఏ రోజూ ఖాళీ లేకపోతే, అంటే ప్రతి రోజూ కావాల్సినవారి కన్నా ఒక్కరే ఎక్కువ ఉంటే, పది గంటల పద్ధతి మీ పనికి చాలడం లేదు. పైన చెప్పిన తొమ్మిది రోజుల చార్టుకి మారండి.