బుక్‌లెట్‌లో వెనకవైపు తలకిందులైతే

మా ఎంవీపీ కాలనీ భజన బృందానికి ఎనిమిది పేజీల పాటల పుస్తకం వేయించాం. A4 కాగితం అడ్డంగా, ఒక్కో వైపు రెండు పేజీలు, నడిమికి మడత. మొదటి షీటు రాగానే తిప్పి చూశాను. ఎడమన 8, కుడిన 1 సరిగ్గానే ఉన్నాయి. కానీ 1 వెనక 2 ఉండాల్సిన చోట 7 ఉంది, అదీ తలకిందులుగా!

ఈ గుర్తు కనిపిస్తే పేజీల వరుసను ముట్టుకోకండి, అది బాగానే ఉంది. తేడా అంతా కాగితాన్ని ఏ అంచు మీద తిప్పుతున్నామనే దగ్గరే. ప్రింటర్‌లో Flip on long edge ఉంది. నిలువు పేజీకి పొడవు అంచు పక్కన ఉంటుంది కాబట్టి ఉత్తరాలకు అదే సరైనది. అడ్డం పేజీకి మాత్రం ఆ అంచు పైకి వస్తుంది. అందుకే క్యాలెండర్ కాగితంలా పైకి తిప్పితేనే వెనకవైపు నిటారుగా కనిపిస్తుంది. మన పుస్తకం మడిచేది పొట్టి అంచుకు సమాంతరంగా.

Flip on short edge పెట్టి, ఆ షీటు ఒక్కటే మళ్లీ తీశాను. 1 వెనక 2, 8 వెనక 7, అన్నీ నిటారుగా వచ్చాయి. రెండో షీటులో ముందు 6, 3. వెనక 4, 5.

ఇంకొక్క మాట: పీడీఎఫ్ ప్రోగ్రాంలో Booklet ఎంచుకుంటే, ప్రింటర్ సెట్టింగుల్లో మళ్లీ దాన్ని పెట్టకండి. అప్పుడు వరుస నిజంగానే చెడుతుంది.