‘హే, హౌ ఆర్ యూ?’ను తెలుగు చేసేటప్పుడు ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా?

ఇంగ్లీషు నాటకాలకూ సీరియళ్లకూ తెలుగు సంభాషణలు రాసేవారిలో చాలామంది ‘హే’ అనే మాట కనిపించగానే చనువు ఉందనుకొని ‘నువ్వు’ వేసేస్తారు. తరువాత పాతిక పేజీలు నడిచాక ఆ రెండు పాత్రల మధ్య ‘నువ్వు’ పొసగదని తెలుస్తుంది గాని, అప్పటికి దిద్దే ఓపిక ఎవరికీ ఉండదు.

పని మొదలుపెట్టే ముందు సన్నివేశం మొత్తం, పాత్రల వయసులు, వారి మధ్య వరుస లేదా హోదా, ఒక తెల్ల కాగితం దగ్గర పెట్టుకోవాలి. పలకరింపు వాక్యం ఒక్కటే చేతికిచ్చి అనువదించమంటే ఒప్పుకోకూడదు.

మొదటి మెట్టు: ఎదుట ఎంతమంది ఉన్నారో చూడండి. ఇద్దరు, అంతకు మించి ఉంటే ‘మీరు’ తప్ప దారి లేదు. అది గౌరవం కాదు, బహువచనం. చిన్ననాటి స్నేహితుల గుంపును ‘ఏంట్రా, ఎలా ఉన్నార్రా?’ అని పలకరించడంలో మర్యాద ఏమీ లేదు కదా. వారిలో ఒక్కడే మిగిలాక సంభాషణ మళ్లీ ‘నువ్వు’కు రావాలి.

రెండవ మెట్టు దగ్గరే అందరూ తడబడతారు కనుక ఇక్కడ నిదానించాలి. కాగితం మీద రెండు పాత్రల పేర్లు రాసి, వాటి మధ్య ఒక గీత కాకుండా రెండు బాణాలు గీయండి: ఇతడు ఆమెను ఏమంటాడు, ఆమె ఇతడిని ఏమంటుంది. ఇంగ్లీషులో రెండు వైపులా ‘యూ’ ఒక్కటే కాబట్టి తెలుగులోనూ రెండు వైపులా ఒకటే ఉండాలనుకోవడం పెద్ద పొరపాటు. ఉదాహరణకు ఒక ఆఫీసులో ఇరవై ఆరేళ్ల శారా, యాభై ఎనిమిదేళ్ల అకౌంటెంట్ టామ్‌ను చూసి ‘హే టామ్, హౌజ్ ఇట్ గోయింగ్?’ అంటుంది, అతడు ‘హే, కిడ్డో!’ అంటాడు. వారి ఊరిలో పెద్దవారిని పేరు పెట్టి పిలవడం మామూలే కనుక ఆ పిలుపు చనువుకు రుజువు కాదు. అందుచేత శారా ‘ఏంటి టామ్ గారూ, ఎలా ఉన్నారు?’ అనాలి, టామ్ ‘రామ్మా, రా, నువ్వెలా ఉన్నావు?’ అనాలి.

ఇందులో తేలికదనం పోయిందని కొందరు అభ్యంతరం చెబుతారు. పోలేదు. తెలుగులో ఆ తేలికదనాన్ని మోసేది సర్వనామం కాదు, ‘ఏంటి’ వంటి మాటలూ, చివర చేరే ‘అండీ’, ‘అమ్మా’, ‘రా’ వంటి పిలుపులూ. ‘ఏంటండీ, బాగున్నారా?’ అన్నది ఎంత సరదాగా ఉంటుందో అంత మర్యాదగానూ ఉంటుంది. ‘ఉన్నారు’, ‘ఉన్నావు’ అన్న రెండు మాటలకూ అక్షరాల సంఖ్య ఒక్కటే కనుక పెదవుల కదలికకు సరిపోదన్న సాకు కూడా ఇక్కడ చెల్లదు.

వయసు ఒక్కటే చూసి తేల్చేయమని చెప్పేవారున్నారు. ఆ పద్ధతి ఇంటి గడప దాటి లోపలికి రాగానే చెడిపోతుంది. అమ్మను ‘నువ్వు’ అని, నాన్నను ‘మీరు’ అని పిలిచే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇద్దరినీ ‘నువ్వు’ అనే ఇళ్లూ తక్కువేమీ కావు. ఇంట్లో వయసు కన్నా వరుస, వరుస కన్నా ఆ ఇంటి అలవాటు బలమైనవి. కథలో ఆ అలవాటు తెలియకపోతే పిల్లలు తల్లిదండ్రులను ‘నువ్వు’ అనాలి, అత్తమామలను ‘మీరు’ అనాలి. బయటివారి విషయంలో సందేహం వస్తే ‘మీరు’ వేయాలి. ‘ఏంటి విశేషాలు?’ అని సర్వనామాన్ని దాటవేయడం కొందరికి మహా తెలివిగా కనిపిస్తుంది గాని, రెండో వాక్యంలో క్రియ వచ్చేసరికి ఆ ముసుగు తొలగిపోతుంది.

మూడవ మెట్టు రాయడం. బాణాలు సరిగా ఉంటే అది నిమిషం పని. ‘నీవు’ మాత్రం రాయవద్దు, మనుషులు పలకరించుకొనేటప్పుడు అది పద్యంలా వినిపిస్తుంది. మాట తీరు తెలంగాణదైతే ‘మంచిగున్నవా?’, ‘మంచిగున్నరా?’ అని రాయండి. బాణాలు మాత్రం మారవు.

చివరగా ఒక్కొక్క బాణాన్నీ విడిగా పట్టుకొని ఆ పాత్ర మాటలు మాత్రమే వరుసగా చదవండి. ‘ఉన్నారు’ అన్న నోటనే ‘నీ ఫోన్’ అని గాని, ‘చెప్పు’ అని గాని వస్తే కలగాపులగం జరిగినట్టే; ‘మీ ఫోన్’, ‘చెప్పండి’ అని దిద్దాలి. కోపంతోనో ప్రేమతోనో ఒక పాత్ర ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు దిగితే, అది ఏ వాక్యం దగ్గర జరిగిందో కాగితం మీద గుర్తు పెట్టండి. ఆ వాక్యానికి ముందున్న పేజీలలో ‘నువ్వు’ ఒక్కటి కూడా మిగలకూడదు.