లెక్కల స్వయంబోధిని – 7వ పాఠం: సరుకు ఇవ్వకముందే చేతికొచ్చిన డబ్బు

గత పాఠంలో అరువు అమ్మకాలను చూశాం. అక్కడ సరుకు ముందు వెళ్లింది, డబ్బు తరువాత వచ్చింది. ఈ పాఠంలో క్రమం తిరగబడుతుంది. కొనుగోలుదారు డబ్బు ముందే ఇచ్చాడు, దుకాణం ఇంకా ఏమీ ఇవ్వలేదు. అందువల్ల ఆ డబ్బు గల్లాపెట్టెలోకి చేరినా అమ్మకం కాదు, సరుకు రూపంలో తీర్చవలసిన బాకీ. అడ్వాన్సుకైనా, గిఫ్ట్ వోచర్‌కైనా ఇదే సూత్రం వర్తిస్తుంది కాబట్టి, సులువైన అడ్వాన్సుతో మొదలుపెట్టి ఎక్కువ సమయం వోచర్ దగ్గర గడుపుదాం.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం ఉందనుకోండి. పెళ్లి కోసం ఒక కుటుంబం 30,000 రూపాయల చీరలు ఎంచుకుని, 10,000 అడ్వాన్సు ఇచ్చి, నెల తరువాత తీసుకెళ్తామని చెప్పింది. ఆ రోజు చిట్టాలో నగదు ఖాతాను డెబిట్ చేసి, ‘కొనుగోలుదారుల అడ్వాన్సుల ఖాతా’ను క్రెడిట్ చేయాలి. అమ్మకాల ఖాతాను ముట్టుకోకూడదు. చీరలు అప్పగించి బిల్లు ఇచ్చిన రోజున ఆ 10,000ను అడ్వాన్సుల ఖాతా నుంచి తీసి బిల్లులో సర్దుతాం. సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుపై, కాంపోజిషన్ పథకంలో లేని వర్తకులు జీఎస్టీ అప్పుడే కట్టనక్కరలేదని 2017 నవంబరు 15 నాటి నోటిఫికేషన్ చెప్పింది. ఈ సౌకర్యం సరుకుకే. సేవ కోసం అడ్వాన్సు తీసుకుంటే, ఉదాహరణకు విడిగా కుట్టు పని ఒప్పుకుని డబ్బు తీసుకుంటే, డబ్బు అందిన నాడే పన్ను బాధ్యత ఏర్పడుతుంది.

ఇక వోచర్లకు వద్దాం. అదే దుకాణం దీపావళికి ఒక్కొక్కటి 1,000 రూపాయల విలువతో, ఏడాది గడువుతో 50 వోచర్ కార్డులు అమ్మింది. అమ్మిన రోజు పద్దు ఇది:

నగదు ఖాతా – డెబిట్ 50,000
గిఫ్ట్ వోచర్ల బాధ్యత ఖాతా – క్రెడిట్ 50,000

వోచర్ అమ్మడం సరుకు సరఫరా కాదు, సేవ సరఫరా కూడా కాదు, కాబట్టి దానిపై జీఎస్టీ లేదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2024 డిసెంబరు 31న సర్క్యులర్ ద్వారా స్పష్టం చేసింది. పన్ను పడేది ఆ కార్డుతో చీర కొన్నప్పుడు, ఆ చీర మీద.

ఒకామె రెండు కార్డులు తెచ్చి, 2,000 విలువ, దానిపై 5 శాతం పన్ను 100 కలిపి 2,100 రూపాయల చీర తీసుకుని, మిగతా 100 నగదుగా ఇచ్చింది. పద్దు ఇలా ఉంటుంది:

గిఫ్ట్ వోచర్ల బాధ్యత ఖాతా – డెబిట్ 2,000
నగదు ఖాతా – డెబిట్ 100
అమ్మకాల ఖాతా – క్రెడిట్ 2,000
కేంద్ర జీఎస్టీ ఖాతా – క్రెడిట్ 50
రాష్ట్ర జీఎస్టీ ఖాతా – క్రెడిట్ 50

ఇక్కడ కార్డు చెల్లింపు సాధనం మాత్రమే, తగ్గింపు కాదు. బిల్లు పూర్తిగా 2,100కే ఉండాలి. ఈ తేడా కౌంటర్ దగ్గర తరచుగా చెరిగిపోతుంది. బిల్లు కొట్టే కుర్రవాడికి కంప్యూటర్ తెరపై వోచర్ అనే చెల్లింపు పద్ధతి కనబడకపోతే, అతడు 2,000ను డిస్కౌంటు గడిలో వేసి 100కు బిల్లు ఇస్తాడు. ఆ రోజు గల్లాపెట్టెలో డబ్బు సరిగ్గానే సరిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నేను ఒక దుకాణం పద్దులు చూడడం మొదలుపెట్టిన తొలి ఏడాదిలో ఈ తప్పును మూడు నెలల తరువాత గాని పట్టుకోలేకపోయాను. అప్పటి నుంచి నెల చివర నేను మొదట తెరిచేది వోచర్ రిజిస్టరే.

రిజిస్టరులో ప్రతి కార్డుకూ క్రమసంఖ్య, అమ్మిన తేదీ, గడువు, వాడిన బిల్లు నంబరు ఉండాలి. మన దుకాణంలో మార్చి 31న రిజిస్టరు ప్రకారం 27 కార్డులు వాడుకలోకి వచ్చాయి, 23 బయట ఉన్నాయి. అంటే ఆవర్జాలో బాధ్యత 23,000 ఉండాలి, కాని 25,000 ఉంది. ఖాతాలోని బాకీ బయట ఉన్న కార్డుల విలువ కంటే ఎక్కువగా కనబడితే, కొన్ని కార్డులు ఖాతాలోకి రాకుండా వాడబడ్డాయని అర్థం. తక్కువగా ఉంటే, కార్డులు అమ్మిన రోజునే ఎవరో అమ్మకాలకు క్రెడిట్ చేశారేమో చూడాలి. మన తేడా సరిగ్గా రెండు కార్డులు. వాడిన 27 కార్డుల బిల్లులను వరుసగా తిప్పితే, డిస్కౌంటు గడిలో 2,000 ఉన్న ఒక బిల్లు దొరుకుతుంది.

దిద్దుబాటులో ఒక మెలిక ఉంది. ఆ 2,000లో పన్ను కూడా ఇమిడి ఉంది. 100 రూపాయల బిల్లులో అమ్మకం 95.24, పన్ను 4.76 మాత్రమే నమోదైంది. అసలు ఉండవలసినవి 2,000, 100. కాబట్టి బాధ్యత ఖాతాను 2,000 డెబిట్ చేసి, అమ్మకాలకు 1,904.76, రెండు జీఎస్టీ ఖాతాలకు చెరో 47.62 క్రెడిట్ చేయాలి. తక్కువ పడిన పన్నుకు డెబిట్ నోటు ఇచ్చి రిటర్నులో చూపాలి. ఇప్పుడు బాధ్యత 23,000కు దిగి, రిజిస్టరుతో కలుస్తుంది.

మరి ఎన్నటికీ తిరిగిరాని కార్డుల మాటేమిటి? బీరువాలో మరిచిపోయిన కార్డు డబ్బు ఏదో ఒక రోజు దుకాణానికే మిగులుతుంది. ఆ రోజు ఎప్పుడన్నదే ప్రశ్న. పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 115 ప్రమాణం రెండు దారులు చూపుతుంది. ఎన్ని కార్డులు తిరిగిరావో గత అనుభవం ఆధారంగా నమ్మకంగా అంచనా వేయగలిగితే, మిగతా కార్డులు వాడబడుతున్న నిష్పత్తిలోనే ఆ మిగులునూ ఆదాయంగా చూపాలి. అలాంటి ఆధారం లేకపోతే, కొనుగోలుదారు ఇక వాడుకునే అవకాశం దాదాపు లేదని తేలేవరకు మొత్తాన్ని బాకీగానే ఉంచాలి.

మొదటి దారిని మన అంకెలతో చూద్దాం. గత దీపావళుల రిజిస్టర్లు వందకు పది కార్డులు తిరిగిరావని చూపాయనుకుంటే, 50లో 5 రావు, 45 వస్తాయి. మార్చి 31 నాటికి 27 వచ్చాయి, అంటే రావలసిన వాటిలో అయిదింట మూడు వంతులు. తిరిగిరాని 5,000లో అయిదింట మూడు వంతులు 3,000. దీన్ని బాధ్యత ఖాతా నుంచి తీసి ‘వాడని వోచర్ల ఆదాయం’ ఖాతాకు క్రెడిట్ చేస్తే, ఆస్తి అప్పుల పట్టీలో బాకీ 20,000 మిగులుతుంది. అందులో 18,000 ఇంకా రావలసిన 18 కార్డులది, 2,000 తిరిగిరాని వాటిలో మిగిలిన భాగం. ఈ ఆదాయానికి సరుకు కదలదు కాబట్టి జీఎస్టీ లేదని పైన చెప్పిన సర్క్యులరే తేల్చింది.

ఒక్క యజమాని నడిపే మన దుకాణానికి ఈ ప్రమాణం తప్పనిసరి కాదు. ఇలాంటి చోట నేను గడువు ముగిసేవరకు ఆగుతాను. ఎందుకంటే పది శాతం అంచనా రెండు మూడు పండుగల అనుభవం మీద నిలిచినదైతే, ఒక్క ఏడాది కార్డులన్నీ తిరిగి వచ్చినా ముందే చూపిన లాభాన్ని వెనక్కు తీసుకోవలసి వస్తుంది. గడువు ముగిసిన తరువాత కూడా యజమాని మొహమాటంతో కార్డులు తీసుకునే అలవాటు ఉన్నవాడైతే, కార్డు మీద ముద్రించిన తేదీని నమ్మి పద్దు రాయకండి. ఆయన నిజంగా ఎప్పటివరకు తీసుకుంటారో అడిగి రాయండి.

అభ్యాసం: ఒకరు 1,000 రూపాయల కార్డుతో పన్నుతో కలిపి 735 రూపాయల చీర కొన్నారు. మిగిలిన 265 కార్డులోనే ఉంటుందని దుకాణం నియమం. చిట్టా పద్దు రాసి, ఆ రోజు రిజిస్టరులో ఆ కార్డు ఎదుట ఏం రాయాలో ఆలోచించండి. జవాబు 8వ పాఠం మొదట్లో ఉంటుంది. ఆ పాఠంలో, డబ్బు తీసుకోకుండా కొనుగోళ్లపై ఉచితంగా ఇచ్చే కూపన్లు ఈ బాధ్యత ఖాతాలోకి ఎందుకు నేరుగా రావో చూస్తాం.