అరికాలు మంట, వేళ్ళల్ల చిమచిమ: తప్పు అరికాల్ల లేదు, చీలమండ ఎనక ఉన్నది

నేను దేవరకొండల ఫిజియోథెరపీ చేస్త. మా క్లినిక్ పక్క సందుల ఒక అక్క టిఫిన్ సెంటర్ నడిపిస్తది, నలభై ఆరేండ్లుంటయి. పొద్దుగాల ఐదింటికెల్లి పదకొండు దాంక సిమెంట్ నేల మీద పల్చటి స్లిప్పర్ల మీదనే దోసె పెనం ముంగట నిలబడుతది. నాలుగు నెలల సంది కుడి అరికాలు ఒకటే మంట. "సారూ, నిప్పుల మీద కాలు పెట్టినట్టున్నది, రాత్రి దుప్పటి గూడ కాలుకు తాకనిస్తలేను" అన్నది. అప్పటికే రెండు సార్లు షుగర్ టెస్ట్ చేయించుకున్నది, రెండు సార్లు నార్మలే, బి12 గోళీలు మూడు నెలలు మింగింది, ఇంట్లోళ్ళేమో మన నల్లగొండ నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఉన్నది గదా దాంతోనే అన్నరు (ఇక్కడ కాళ్ళల్ల ఏమొచ్చినా ముందు ఫ్లోరైడ్ మీదికే పోతది). అందరూ అరికాలునే చూసిన్రు గని చీలమండ ఎనక ఎవ్వరూ చెయ్యి పెట్టలె.

ముందు మంట యాడ ఉన్నదో చూడాలె

అక్కను కుర్చీల కూసోబెట్టి మంట ఉన్నకాడ వేలుతోని గీయమన్న. అరికాలు మధ్యల, బొటనవేలు నుంచి మూడో వేలు దాంక కింది వైపు గీసింది. పాదం పైభాగం బాగనే ఉన్నది, మడమ కింద గూడ ఏం లేదు, ఎడమ కాలుకు అసలు ఏమీ లేదు. షుగర్ నరాల జబ్బైతే మామూలుగ రెండు కాళ్ళకు వస్తది, వేళ్ళ కొసల కాడ మొదలై సాక్సు తొడిగినట్టు పైకి ఎక్కుతది. పొద్దుగాల మంచం దిగి మొదటి అడుగు ఏసినప్పుడు మడమ కింద కలుక్కుమంటే, చిమచిమ లేకుంటే, అది ఎక్కువగ మడమ కింది పట్టీ వాపు. నడుం కాడ నరం నొక్కుకుంటే పిర్ర నుంచి పిక్క మీదుగ కిందికి గుంజుతది. అక్కకు ఇవేవీ లేవు, నిలబడ్డకొద్దీ పెరుగుతది, రాత్రి మంచమెక్కినంక ఇంకా సతాయిస్తది.

ఇగ లోపలి చీలమండ బొడిపెకు, ఎనక ఉన్న మడమ నరానికి (అంటే పిక్క నుంచి దిగే లావు తాడు లాంటిదానికి) నడుమ ఒక గుంత ఉంటది. అండ్ల వేలు పెడితే నాడి కొట్టుకునుడు తెలుస్తది. ఆ నాడికి కొంచెం ఎనకనే అరికాలుకు పోయే అసలు నరం ఉంటది. అక్కడ వేలుతోని మెల్లగ నాలుగైదు సార్లు కొట్టిన. మూడో దెబ్బకే "అబ్బా, కరెంట్ షాక్ కొట్టినట్టు వేళ్ళలకు పోయింది" అన్నది. ఎడమ కాలుకు గట్లనే కొడితే ఏం కాలె. రెండు కాళ్ళకూ చూడాలె, ఎందుకంటే గట్టిగ కొడితే ఎవలకైనా కొంత జిల్లుమంటది. ఇంకోటి, పాదం పైకి, బయటికి తిప్పి, వేళ్ళు ఎనకకు వంచి పది సెకండ్లు పట్టుకుంటే అదే మంట వస్తే అనుమానం ఇంకా గట్టిపడ్తది. చీలమండ ఎనక ఈ నరం నలుగుడునే టార్సల్ టన్నెల్ సిండ్రోమ్ అంటరు.

అక్కడ నరం ఎట్ల నలుగుతది

బోరు మోటర్ ఆగిపోతే స్టార్టర్ చూస్తం, మోటర్ చూస్తం, రెండూ మంచిగనే ఉంటయి, చివరికి చూస్తే నడుమ దర్వాజ కింద వైరు నలిగి ఉంటది. ఇదీ గంతే. బొడిపె ఎముక ఒక గోడ, దాని మీద అడ్డంగ ఒక గట్టి పట్టీ, ఈ రెండింటి నడుమ ఇరుకు సందులనే మూడు కండరాల తాళ్ళు, ఒక రక్తనాళం దాని సిరలు, అరికాలుకు పోయే నరం అన్నీ దూరి పోవాలె. మడమకు పోయే కొమ్మ శానా మందికి ఈ సందుకు పైనే విడిపోతది, అందుకే అక్క మడమ తప్పించుకున్నది.

సందుల ఏదన్న లావైనా, పట్టీ బిగుసుకున్నా నరం నలుగుతది. నీటి బుడగ లాంటి గడ్డ రావొచ్చు, ఉబ్బిన సిరలు ఉండొచ్చు, పాత బెణుకో ఫ్రాక్చరో ఉండొచ్చు, థైరాయిడ్, కీళ్ళవాతం గూడ కారణం అయితయి. అక్కను నిలబెట్టి ఎనకకెల్లి చూసిన, కుడి మడమ బయటికి ఒరిగి ఉన్నది, పాదం వంపు నేలకు అంటుకున్నది, బయటి వైపు వేళ్ళు ఎడమ కాలుకంటె ఎక్కువ కనబడ్తున్నయి. అంటే చదును పాదం, రోజూ ఆరు గంటలు ఆ నరం తాడు లెక్క గుంజుకపోతున్నదన్నట్టు. దానికి తోడు వెండి పట్టీల కొక్కెం సరిగ్గ నేను కొట్టినకాడనే ఒత్తుకుంటున్నది.

ఏం చేసినం

మొదలు వెండి పట్టీలు తీపిచ్చిన. స్లిప్పర్ల జాగల మడమ ఎనక గట్టిగ ఉండే చెప్పులు, అండ్ల మడమ లోపలి వైపు ఒక నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు, మెత్తటి వంపు సపోర్ట్. ఇక్కడ చానా మంది తప్పు చేస్తరు, గట్టి ప్లాస్టిక్ వంపు పెద్దగున్నది కొంటరు, అది పోయి అరికాలు నరాన్నే ఒత్తి మంట ఇంకింత పెంచుతది. పెనం కాడ ఎత్తు స్టూల్ ఏసుకోమన్న.

రోజూ రెండు సార్లు, కుర్చీల కూసోని మోకాలు మెల్లగ చాపుకుంట పాదం పైకి బయటికి వంచి, మళ్ళ వదలాలె, పది సార్లు. పట్టి ఉంచొద్దు, ఆడిస్తనే ఉండాలె, అయిపోయినంక గూడ చిమచిమ ఆగకపోతే వంపు తగ్గించాలె. పిక్క సాగదీసుడు ముప్పై సెకండ్లు మూడు సార్లు. సాయంత్రం గుడ్డల చుట్టిన ఐస్ పది నిమిషాలు, గని అరికాలు మొద్దుబారినోళ్ళు ఐస్ పెట్టొద్దు, వేడినీళ్ళల్ల గూడ కాలు పెట్టొద్దు, కాలేది తెల్వదు. బామ్ పెట్టి గట్టిగ రుద్దుడు అసలే బంద్, నలిగిన నరాన్ని ఇంకా నలుపుడే అయితది. నరాల మంటకు ప్రెగాబాలిన్ లాంటి గోళీలు డాక్టర్ రాస్తేనే, మెడికల్ షాపుల అడిగి తెచ్చుకొని మింగితే మత్తుగ ఉంటది, బండి నడిపేటోళ్ళకు ప్రమాదం.

ఎప్పుడు ఆగొద్దు

ఆరు వారాలు చేసినా ఫరక్ లేకుంటే, లేదా ఆ గుంతల గడ్డ చేతికి తగిలితే అల్ట్రాసౌండో ఎమ్మారైయో చేయించాలె. నరం టెస్ట్ నార్మల్ వచ్చినంత మాత్రాన ఇది లేదని కాదు, తొలుత అది పట్టుకోకపోవచ్చు. గడ్డ దొరికితే ఆపరేషన్ మంచిగ పనిచేస్తది, కారణం ఏదీ దొరకకుండ నరం మీది గట్టి పట్టీ కోయించుకుంటె మాత్రం ఫలితం అంత ఖాయం కాదు. వేళ్ళు వంకర పోతున్నా, వేళ్ళు విప్పరాకున్నా ఆరు వారాలు గూడ ఆగొద్దు.

ఇంకొక్కటి, మన దిక్కు అసలు మరువొద్దు. కుష్టు ఈ నరాన్నే బాగ పడ్తది. అరికాలు మండుడు కంటే మొద్దుబారుడు ఎక్కువున్నా, ఆ నరం తాడు లెక్క లావుగ తగిలినా, అరికాలు చెమట పట్టకుండ ఎండినా, ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉన్నా ప్రైమరీ హెల్త్ సెంటర్ల చూపియ్యాలె, మందులు ఫ్రీగనే ఇస్తరు. అందుకే అక్క అరికాలు మీద దూదితోని తాకి చూసిన, చేతుల మీద మచ్చలు గూడ వెతికిన, ఏం లేవు.

ఐదో వారానికి దుప్పటి కప్పుకొని నిద్ర పోతున్న అన్నది. ఆదివారం గిరాకీ ఎక్కువైనప్పుడు మాత్రం రెండో వేలు కింద ఇంకా చిమచిమ ఉన్నది. ఎందుకో అని పోయి చూస్తే, నేను ఏపిచ్చిన స్టూల్ మీద గిరాకోళ్ళు కూసోని ఇడ్లీ తింటున్నరు, అక్క నిలబడే ఉన్నది.