కూపన్ బాండ్ల ధరల నుంచి స్పాట్ రేట్లు రాబట్టడం ఎలా?

జీరో కూపన్ బాండుకు మధ్యలో వడ్డీ రాదు. తక్కువకు కొంటాం, గడువు రోజున ముఖ విలువ చేతికొస్తుంది. అందుకే దాని ధర చూస్తే ఆ గడువుకు మార్కెట్ అడుగుతున్న వడ్డీ, అంటే స్పాట్ రేటు, నేరుగా తెలిసిపోతుంది. మన దేశంలో ఏడాదిలోపు గడువులకు ఇబ్బంది లేదు, ట్రెజరీ బిల్లులన్నీ ఇలాంటివే. ఏడాది దాటితే ఎక్కువగా దొరికేవి ఆర్నెల్లకోసారి వడ్డీ, అంటే కూపన్, ఇచ్చే ప్రభుత్వ బాండ్లు. వాటి నుంచి ఒక్కో గడువు రేటును వరసగా బయటికి తీయడమే బూట్‌స్ట్రాపింగ్.

ముందు బిల్లులతో మొదలుపెట్టండి. ఈ ధరలు లెక్క కోసం అనుకున్నవే. 100 రూపాయల ముఖ విలువకు 182 రోజుల బిల్లు 97 రూపాయలు, 364 రోజులది 94 అనుకుందాం. వీటిని ఆర్నెల్లు, ఏడాది అని తీసుకుంటే, అప్పుడు వచ్చే ప్రతి రూపాయి ఇవాళ 97 పైసలు, 94 పైసలు చేస్తుంది. వీటినే డిస్కౌంట్ ఫ్యాక్టర్లు అంటారు.

ఇప్పుడు ఏడాదిన్నర గడువున్న 7 శాతం బాండు తీసుకోండి. ధర 101. ఇది 3.50 చొప్పున రెండు కూపన్లు, చివర్లో 103.50 ఇస్తుంది. నిజానికి ఇది మూడు జీరో కూపన్ బాండ్లు కట్టిన మూట. మొదటి రెండింటి విలువ మనకు తెలుసు కాబట్టి ధరలోంచి తీసేద్దాం:

```
101 − 3.5×0.97 − 3.5×0.94 = 94.315
94.315 / 103.5 = 0.91126
(1/0.91126)^(1/3) − 1 = 3.146%
```

ఇది ఆర్నెల్ల రేటు. రెట్టింపు చేస్తే ఏడాదికి 6.29 శాతం. ఘాతంలో 3 ఎందుకంటే ఏడాదిన్నరలో మూడు ఆర్నెల్లు.

తర్వాత 100.90 ధర ఉన్న రెండేళ్ల 6.8 శాతం బాండు. 3.40 చొప్పున వచ్చే మూడు కూపన్లను పై మూడు ఫ్యాక్టర్లతో తీసేసి, మిగిలినదాన్ని 103.40తో భాగిస్తే 0.88305 వస్తుంది, అంటే 6.32 శాతం. ఇలాగే ఒక్కో మెట్టు ఎక్కుతూ పోవాలి.

చాలామంది తప్పటడుగు వేసేది ధర దగ్గరే. మార్కెట్లో చెప్పే ధరలో, గత కూపన్ తర్వాత పోగైన వడ్డీ ఉండదు. కూపన్ ఇచ్చి మూడు నెలలైతే 7 శాతం బాండుకు 1.75 కలపాలి. అప్పుడు గడువులు కూడా పూర్తి ఆర్నెల్లు కావు కాబట్టి మధ్య తేదీలకు ఫ్యాక్టర్లను అంచనా కట్టుకోవాలి.

ఇంకో తలనొప్పి, ట్రేడింగ్ జరగని బాండు పాత ధర. పైన 101 బదులు 100.50 వేసి చూడండి. ఏడాదిన్నర రేటు 6.66కి ఎగురుతుంది, రెండేళ్లది మాత్రం 6.31 దగ్గరే ఉంటుంది. ఈ ధరతో వచ్చే కొత్త ఫ్యాక్టర్లు 0.90643ను 0.88321తో భాగించి, 1 తీసేసి రెట్టింపు చేస్తే, చివరి ఆర్నెల్లకు ఇవాళే లెక్కతేలే వడ్డీ, అంటే ఫార్వర్డ్ రేటు, ఏడాదికి 5.26 శాతమే. సరైన ధరతో అది 6.39. ఫార్వర్డ్ రేటు ఇలా ఒక్కసారిగా గోతిలో పడితే ఫార్ములాను కాదు, ముందు ఆ బాండు చివరిసారి ఎప్పుడు చేతులు మారిందో చూడండి.